పేరు మారిస్తే సరిపోదు: జ్ఞాపకాన్ని కథ చేసేటప్పుడు ఏం మార్చాలి?

పోయిన ఎపిసోడు కింద ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "మా మేనత్త జీవితం మీద కథ రాశాను. పేరు మార్చాను, ఊరు మార్చాను. అచ్చుకు ఇవ్వొచ్చా?" రెండు ముక్కల్లో జవాబు రాద్దామని కూర్చున్నాను. కుదరలేదు. ఎందుకంటే ఇదే ప్రశ్నకు నేనొకసారి తప్పు జవాబు చెప్పుకుని ఒక మనిషికి నష్టం చేశాను. ఈ రోజు ఆ సంగతి చెప్తాను.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఇప్పుడు చెప్పబోయే "అసలు సంగతి" కూడా మార్చి చెప్తున్నదే. ఈ ఎపిసోడు చేస్తానని ఆమెను ముందే అడిగాను. మూడు వివరాలు మార్చమంది, మార్చాను. ఏవి మార్చానో చెప్పను. మగ్గం లెక్కలు మాత్రం నిఖార్సైనవి, వాటిని ఎవరైనా సరిచూసుకోవచ్చు.

మాది నారాయణపేట. 2019 ఫిబ్రవరిలో జిల్లా అయింది గానీ మాకు అలవాటైన మాట పాలమూరే. కాస్త దూరం పోతే కర్ణాటక. ఒకే వీధిలో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినబడే ఊరు. బయటివాళ్లకు నారాయణపేట అంటే చీర. నూలు చీర, గళ్లు, అంచు మీద గుడి గోపురాల వరస. ఆ చీరకు ఒక పద్ధతి ఉంది, మన కథకు అదే కీలకం కాబట్టి కొంచెం నెమ్మదిగా చెప్తాను.

మా దగ్గర మగ్గం మీద ఒక్కో చీరకు ఒక్కో పడుగు ఎక్కించరు. ఒకే పడుగు మీద వరసగా 8 చీరలు దిగుతాయి. మా పక్కింట్లో షావుకారు పడుగుకూ పేకకూ నూలు, జరీ తూకం వేసి ఇచ్చేవాడు. నేసి 8 చీరలు లెక్క అప్పజెబితే మజూరీ. చీర ఒక్కొక్కటి అయిదున్నర మీటర్లు, అంగుళాల్లో 216 దాకా. ఇచ్చేది తూకం, తీసుకునేది లెక్క. మధ్యలో కొలత అనేది నేసే మనిషి చేతిలో ఉంటుంది.

పక్కింటి చిన్నమ్మ ఆ కొలతలో నాలుగు అంగుళాలు తగ్గించేది. చీరకు నాలుగే. 216లో నాలుగు తగ్గితే కట్టుకున్న మనిషికి తెలియదు, మడత పెట్టే షావుకారు చేతికీ తెలియదు. కానీ ఎనిమిది నాలుగులు 32. ముప్ఫై రెండు అంగుళాలంటే 80 సెంటీమీటర్ల పైచిలుకు, సరిగ్గా ఒక రైక గుడ్డ. పడుగు చివర అంచు లేకుండా, జరీ లేకుండా ఆ గుడ్డ నేసి కోసేది. దాన్ని పాత న్యూస్‌పేపర్లో చుట్టి నా చేతికిచ్చి ఫలానా ఇంట్లో ఇచ్చి రమ్మనేది. వాళ్లిచ్చిన డబ్బులు ఆమె కూతురి చదువుకు. నాకు పన్నెండేళ్లు. పొట్లంలో ఏముందో తెలుసు, అది దాచాల్సిన పని అని తెలియదు.

ఒక రోజు షావుకారు మా ఇంటి అరుగు మీద కూర్చుని "ఎక్కడికిరా పోతున్నవ్?" అన్నాడు. "చిన్నమ్మ రైక గుడ్డ ఇచ్చొస్త" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. లోపలి నుంచి చిన్నమ్మ విన్నది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే ఉంది, నాడె చేతిలోనే ఉంది, నా వైపు చూసింది. కోపంగా కాదు. ఇప్పటికీ ఆ చూపుకు నా దగ్గర మాట లేదు. ఇరవై ఏళ్ల తర్వాత కథ రాయించింది ఆ చూపే.

షావుకారు ఆ రోజు విన్నాడో లేదో, విని మరిచిపోయాడో, చూసీచూడనట్టు ఊరుకున్నాడో తెలియదు. పడుగులు ఇస్తూనే ఉన్నాడు. అది గుర్తుంచుకోండి.

ఇక నేను రాసిన మొదటి కథ. చిన్నమ్మ పేరు మార్చాను. నారాయణపేటను "రామాపురం" అన్నాను. షావుకారు కులం మార్చాను. జాగ్రత్తపడ్డాననే అనుకున్నాను. ఒక ఆదివారం అనుబంధంలో వచ్చింది. బుధవారానికల్లా మా వీధిలో తెలిసిపోయింది.

ఎలా తెలిసింది? కూర్చుని లెక్కవేశాను, కథలో నేను ఉంచేసిన వివరాలు ఇవి: గోపురం అంచు, ఎనిమిది చీరల పడుగు. ఇది చాలు, రామాపురం అన్నా కృష్ణాపురం అన్నా ఊరు నారాయణపేటే. అయినా ఊళ్లో మగ్గం ఇళ్లు చాలా ఉన్నాయి, ఇంకా ఎవరో తెలియదు. భర్త భివండిలో పవర్‌లూమ్ పనికి పోయాడని రాశాను. ఇళ్లు తగ్గిపోయాయి. కూతురు టీచర్ ట్రైనింగ్ చదివిందని రాశాను. రెండో మూడో మిగిలాయి. ఎడమ చేత్తో నాడె విసిరేదని రాశాను. అంతే, ఒక్క ఇల్లు.

ఇందులో ఒక్కో వివరం విడిగా చూస్తే దేనికీ ప్రమాదం లేదు. భివండికి పోయినవాళ్లు ఎంతమందో. కూతుళ్లను చదివించినవాళ్లూ ఉన్నారు. మనిషిని పట్టించింది ఆ నాలుగూ ఒక్కచోట కలవడం. మనం పేరు మార్చగానే పని అయిపోయిందనుకుంటాం. ఊరివాళ్లు మనుషుల్ని పేరుతో గుర్తుపట్టరు కదా, "భివండికి పోయినాయన పెండ్లాం", "టీచరమ్మ తల్లి" అని గుర్తుపడతారు. పేరు ఆధార్ కార్డులో ఉంటుంది.

జరిగింది చెప్తాను. షావుకారు ఆమెను పిలిచి తిట్టలేదు. పడుగు ఇవ్వడం మానలేదు. తర్వాతి సారి చీరలు అప్పజెప్పడానికి పోతే టేపు తీశాడు. పదిమంది నేతగాళ్లు కూర్చుని ఉండగా ఆమె చీరలు ఒక్కటొక్కటే విప్పి కొలిచాడు. మిగతావాళ్లవి కొలవలేదు. ఆ సారి అన్నీ నిండుగానే ఉన్నాయి, ఎందుకంటే కూతురికి ఉద్యోగం వచ్చినప్పుడే ఆమె ఆ పని మానేసింది. అయినా ఆ రోజు నుంచి ప్రతిసారీ కొలతే.

నేను పోయి కాళ్ల దగ్గర కూర్చున్నాను. "పేరు మార్చిన కద చిన్నమ్మా" అన్నాను, సిగ్గులేకుండా. "పేరే మార్చినవ్ బిడ్డా, నన్ను మార్చకపోతివి" అంది. టీ పెట్టింది. నేను తాగలేకపోయాను.

చట్టం సంగతి కూడా రెండు నిమిషాలు చెప్పుకుందాం, చాలామందికి ఇక్కడ తప్పు నమ్మకాలున్నాయి. పరువు నష్టం ఇంతకుముందు ఐపీసీ 499, 500 సెక్షన్లలో ఉండేది, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356. రెండేళ్ల దాకా శిక్ష పడొచ్చు. "నేను రాసింది నిజమే కదా" అంటే చాలదు. నిజమని, పైగా అది బయటపెట్టడం ప్రజల మేలు కోసమని చూపాలి. చిన్నమ్మ నాలుగు అంగుళాల్లో ప్రజల మేలేముంది? చనిపోయినవాళ్ల గురించి ఏమైనా రాయొచ్చనే మాటా తప్పే. బతికుంటే పరువు పోయేట్టు, ఇంటివాళ్ల మనసు నొప్పించాలని రాస్తే అదీ నేరం కిందికి రావొచ్చు. ఇక "ఇందులోని పాత్రలు కల్పితం" అనే వాక్యం. అది పెట్టడంలో తప్పులేదు, కానీ చదివినవాళ్లు గుర్తుపట్టగలిగితే ఆ వాక్యం ఒక్కటే మనల్ని కాపాడదు. లైంగిక దాడికి గురైనవాళ్ల విషయమైతే ఇంకా కఠినం. పేరు మాత్రమే కాదు, గుర్తు తెలిసే ఏ వివరమూ అచ్చువేయకూడదు. అలాంటి జ్ఞాపకం మీ దగ్గరుంటే ముందు లాయరుతో మాట్లాడండి.

కోర్టు భయం అంతటితో వదిలేద్దాం. చిన్నమ్మ ఏ కోర్టుకూ పోయే మనిషి కాదు. అందుకే జాగ్రత్త నా మీదే ఎక్కువ ఉండాలి.

ఇక్కడ ఒకరు అడగొచ్చు, పెద్ద పెద్దవాళ్లు రాయలేదా అని. రాశారు. పీవీ నరసింహారావు గారి ఇన్‌సైడర్ 1998లో వచ్చింది, కల్లూరి భాస్కరం గారు దాన్ని 'లోపలి మనిషి'గా తెలుగు చేశారు. ఆయన తన జీవితాన్నే ఆనంద్ అనే పాత్రకిచ్చి, మన రాష్ట్రాన్ని అఫ్రోజాబాద్ అన్నారు. ముఖ్యమంత్రులకు మహేంద్రనాథ్, చౌదరి అని పేర్లు పెట్టారు. చదివినవాళ్లు ఏం చేశారు? మహేంద్రనాథ్ ఎవరు, చౌదరి ఎవరు అని లెక్కలు కట్టారు. ముఖ్యమంత్రి కుర్చీ ఒకసారికి ఒక్కటే కదా, అందులో ఎవరు ఎప్పుడు కూర్చున్నారో అందరికీ తెలుసు. పదవి ఉంచితే మనిషిని దాచలేం. కానీ అక్కడున్నవాళ్లు ప్రజల ముందు బతికిన మనుషులు, వాళ్ల అధికారం గురించి మాట్లాడే హక్కు జనానికి ఉంది. జవాబు చెప్పుకోవడానికి వాళ్లకు వేదికలున్నాయి. మన మేనత్తకు, మన పక్కింటి చిన్నమ్మకు అవేవీ లేవు. ఆ నవలను చూసి మనకూ ఆ పాటి ముసుగు చాలనుకోవద్దు.

సరే, రెండోసారి ఏం చేశానో చెప్తాను. అయిదేళ్లు ఆగి రాశాను.

ముందు కథ రాయలేదు. జ్ఞాపకాన్ని జరిగింది జరిగినట్టు ఒక నోట్‌బుక్కులో రాసుకున్నాను, ఎవరికీ చూపనిది. అందులో ప్రతి వివరం దగ్గర ఆగి ఒకే ప్రశ్న: ఇది తీసేస్తే ఆ చూపు మిగులుతుందా? ఎడమ చేయి తీసేశాను. ఏమీ పోలేదు. అది నాకు ముచ్చటైన వివరం, అందుకని పెట్టుకున్నాను తప్ప కథకు దాంతో పనిలేదు. రచయితకు బాగా ముద్దొచ్చే వివరమే చాలాసార్లు మనిషిని పట్టించేది. ఎందుకంటే అది అరుదైనది, అరుదు కాబట్టే మనకు ముద్దు.

భర్త భివండిలో ఉండటం? దీని దగ్గర చాలాసేపు ఆగాను. కథకు కావాల్సింది భివండి కాదు, ఇంట్లో నిర్ణయం ఆమె ఒక్కతే తీసుకోవడం. ఒంటరితనం ఉండాలి, దాని కారణం మారొచ్చు. ఇక్కడ ఇంకో తప్పు చేయబోయాను, మీరు చేయకండి. మొదట భర్తను తాగుబోతును చేశాను. సులువు కదా, కథల్లో అందరు భర్తలూ తాగుతారు. రాత్రి పడుకున్నాక తట్టింది: రేపు ఎవరైనా ఈమెను గుర్తుపడితే, రైక గుడ్డ నిజమైనప్పుడు తాగుడూ నిజమే అనుకుంటారు. ఆ మనిషి జీవితంలో చుక్క ముట్టలేదు, చెమటోడ్చి డబ్బు పంపేవాడు. సగం నిజం తెలిసిన పాఠకుడు మిగతా సగాన్నీ నమ్ముతాడు. కాబట్టి మార్పు ఎప్పుడూ మనిషిని దిగజార్చే వైపు పోకూడదు. దాచడానికని పెట్టిన అబద్ధం ఇంకో అపనింద అయి కూర్చుంటుంది. చివరికి భర్తను మంచం పట్టిన మనిషిని చేశాను. ప్రతి వీధిలో ఒకరుంటారు. అరుదైన దాని స్థానంలో ఇంకో అరుదైనది కాకుండా, నలుగురిలో కలిసిపోయేది పెట్టాలి.

ఇక అసలు కష్టం మగ్గం. గోపురం అంచు ఉన్నంతసేపు ఊరు బయటపడుతుంది. నేత ఉంచి ఊరు మారుద్దామని పోచంపల్లికి మార్చాను. నాలుగు పేజీలు రాశాక కథ ఆగిపోయింది. అక్కడ ఇక్కత్ కదా. నూలుకు ముందే ముడులు వేసి రంగులద్దుతారు, బొమ్మ దారం మీదే సిద్ధమవుతుంది. నాలుగు అంగుళాలు తగ్గిస్తే డిజైను తెగుతుంది, మిగిలిన ముక్క మీద ఆ రంగుల గుర్తే ఉంటుంది. నా చిన్నమ్మ చేసిన పని పోచంపల్లి మగ్గం మీద అంత గుట్టుగా సాగదు. ఊరు మార్చడం అంటే బోర్డు మార్చడం కాదని అప్పుడు తెలిసింది. పని మారితే పనిలోని సందు మారుతుంది, ఆ సందులోనే నా కథ ఉంది.

అప్పుడు వెనక్కి పోయి సందు ఏమిటో రాసుకున్నాను: సరుకు కొలిచి ఇస్తారు, వస్తువు లెక్కపెట్టి తీసుకుంటారు, మధ్యలో చేతి నేర్పుతో కొంచెం మిగులుతుంది. ఇలాంటి సందు ఇంకెక్కడుంది? బీడీలు చుట్టే ఇళ్లల్లో ఉంది, ఆకూ తంబాకూ తూకం, బీడీలు లెక్క. నిజామాబాద్ వైపు పెట్టి రాశాను. అదీ పనికిరాలేదు, ఈసారి తప్పు నాది. బీడీ చుట్టే చేతిని నేను దగ్గరగా చూసింది లేదు. ఆమె వేళ్లు ఏం చేస్తున్నాయో రాయాల్సి వచ్చినప్పుడల్లా ఆమె ముఖం గురించి రాస్తున్నాను. పని తెలియని చోటికి జ్ఞాపకాన్ని తీసుకుపోతే అది ఇలా చేతుల నుంచి ముఖానికి పారిపోతుంది. మీ కథలోనూ అలా జరుగుతోందేమో చూసుకోండి.

చివరికి దర్జీ పని. మా మేనమామ దర్జీ, సెలవులన్నీ ఆయన మిషన్ కింద కత్తిరింపులు ఏరుకుంటూ గడిపాను. ఇంట్లో మిషన్ పెట్టుకుని స్కూల్ యూనిఫాం అంగీలు కుట్టే ఆమె. ఏజెంటు 24 అంగీల గుడ్డ కొలిచి ఇస్తాడు, 24 అంగీలు లెక్కపెట్టుకుపోతాడు. కత్తిరించే ముందు కాలరు ముక్కలను చంకల వంపుల మధ్య ఖాళీలో సర్దితే అంగీకి అంగుళంన్నర మిగులుతుంది. 24 అంగీలకు 36 అంగుళాలు, ఒక గజం. ఒక గజంతో ఏం వస్తుంది? పిల్లల పుస్తకాల సంచి వస్తుంది.

ఇక్కడ కథ తనంతట తాను తిరిగింది. నారాయణపేట రైక గుడ్డ ఏ ఇంటికైనా పోతుంది, దాని మీద గుర్తు లేదు. యూనిఫాం గుడ్డకు రంగుంది. ఆ సంచి పట్టుకుని బడికి పోతే ఎవరికైనా తెలుస్తుంది. మరి సంచి ఎవరికి కుట్టింది? కథ చెప్పే పిల్లకు. అవును, పిల్లవాడిని పిల్లను చేశాను, దానికి కారణం కూడా చెప్తాను. నా పేరుతో అచ్చయ్యే కథలో "నేను" అనే పన్నెండేళ్ల పిల్లవాడు ఉంటే అది నేనే అంటారు. నేనైతే పక్కిల్లు మా పక్కిల్లే. రచయిత పేరు అట్ట మీద ఉంటుంది, ఆ పేరు పట్టుకుని మా అమ్మ, మా అత్త, మా వీధి అందరూ దొరికిపోతారు. మన ఇంటివాళ్లను దాచడం అన్నిటికన్నా కష్టం అందుకే. "నేను" తీసేసి "ఆ పిల్ల" అన్నాను. అప్పుడు జరిగింది నేను అనుకోనిది. అసలు సంగతిలో నేను పొట్లం మోసినవాణ్ణి మాత్రమే. కథలో పిల్లకు సంచి అందింది. ఏజెంటు "సంచి బాగుందే" అంటే మురిసిపోయి "అత్త కుట్టింది, మా యూనిఫాం గుడ్డనే" అంటుంది. నా జ్ఞాపకం కన్నా ఆ పిల్ల తప్పు పెద్దది, తెలియనితనమూ పెద్దది. చూపు మాత్రం అదే చూపు. నేను రాయలేనన్న ఆ చూపు ఈ పిల్ల మీద పడ్డప్పుడు రాయగలిగాను.

కథ అయ్యాక ఇద్దరికి ఇచ్చాను. ఒకరు మా వీధివాడు, ఒకరు నా చెల్లె. "ఎట్లుంది?" అని అడగలేదు. "ఇది ఎవరు?" అని మాత్రమే అడిగాను. చెల్లె ఎవరూ తట్టలేదంది. మా వీధివాడు మాత్రం టక్కున ఒక పేరు చెప్పాడు. చిన్నమ్మది కాదు, ఇంకో వీధిలో నిజంగానే అంగీలు కుట్టే ఒకామెది! నేను ఆమెను ఎప్పుడూ చూసింది లేదు. ఒకరిని దాచబోయి ఇంకొకరి ముందు నిలబెట్టాను. ఇది చిన్న సంగతి కాదు. ఇంగ్లండులో 1908లో ఒక పేపరువాళ్లు ఆర్టెమస్ జోన్స్ అనే పేరు కల్పించి, పరాయి ఆడమనిషితో తిరిగే పెద్దమనిషి గురించి సరదా ముక్క రాశారు. ఆ పేరుతో నిజంగానే ఒక బారిస్టరు ఉన్నాడు. కేసు వేశాడు, గెలిచాడు, 1,750 పౌండ్లు ఇవ్వాల్సి వచ్చింది. కల్పించామన్న వాదన అక్కడ చెల్లలేదు. అందుకని పేరు పెట్టేటప్పుడు ఆ పేరుతో, ఆ పనిలో, ఆ చుట్టుపక్కల మనిషి ఉన్నారా అని విచారించడం రచయిత పనే. నేను పాత్ర పేరు మార్చాను, మా వీధివాడికి ఆ పేరు ఎందుకు తట్టిందో అడిగాను. "మిషన్ పక్కన చిలక పంజరం అని రాసినవ్ కద" అన్నాడు. ఏదో అందంగా ఉంటుందని నేను కల్పించిన చిలక. అక్కడ నిజంగా ఉందట. తీసేశాను.

ఇంకో మాట మరిచిపోతున్నాను. ఇంత చేసి పుస్తకావిష్కరణ రోజు మైకు పట్టుకుని "ఇది మా వీధిలో జరిగిన యథార్థ గాథ" అన్నారనుకోండి, చేసిందంతా వృథా. ఫేస్‌బుక్కులో పాత ఇంటి ఫొటో పెట్టినా అంతే. ఇలాంటి కథ గురించి బయట నోరు విప్పాలంటే ముందు ఆ మనిషిని అడగాలి. నేను ఈ ఎపిసోడుకు అడిగినట్టు.

అలా అడగడానికి ధైర్యం వచ్చింది కూడా ఆ కథతోనే. అచ్చుకు పంపే ముందు చిన్నమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఇప్పుడామె మగ్గం ఎక్కడం లేదు, గుంటలో కాళ్లు పెట్టి తొక్కీ తొక్కీ మోకాళ్లు పోయాయి. అరుగు మీద కూర్చోబెట్టుకుని మొత్తం చదివి వినిపించాను. మధ్యలో ఆపి, "అంగీకి ఎంత ఇస్తరు ఆమెకు?" అని అడిగింది. చెప్పాను. "గంతేనా? మిషను అరుగుదల, దారం ఎవలది?" అంది. ఆమెదే అన్నాను. "మరేం మిగుల్తది" అంది. అప్పటిదాకా నా ప్రాణం గుప్పిట్లో ఉంది. ఆమె అడుగుతున్నది వేరే మనిషి గురించి.

చదవడం అయిపోయింది. కాసేపు ఊరుకుని అడిగింది, "టేపు సంగతి రాయలేదేం?"

"అది నీది కద చిన్నమ్మా. రాస్తే మళ్లీ నువ్వే అయితవు" అన్నాను.

"నా ఒక్కదాన్నేనా? టేపు దర్జీ మెడల గూడ ఉంటది కద. రాయి" అంది.

ఆ రాత్రి చివరి పేజీ తిరగరాశాను. ఏజెంటు వస్తాడు, 24 అంగీలు లెక్కపెట్టుకుంటాడు, తర్వాత ఆమె మెడలోంచి టేపు తీసుకుని ఒక్కొక్కటే కొలుస్తాడు. పిల్ల గడపలో నిలబడి చూస్తుంటుంది. కథ అక్కడ ఆగుతుంది.

ప్రశ్న అడిగినవారికి: మీ కథ అచ్చుకు పంపకండి, ఇంకా. మీ మేనత్త ఊళ్లో ఒకరికి ఇచ్చి "ఇది ఎవరు?" అని అడగండి. వాళ్లు ఏ వివరం చూసి చెప్పారో కింద రాయండి, పేర్లు లేకుండా. వచ్చే ఎపిసోడులో వాటి మీద మాట్లాడుకుందాం.